గ్రూపులో బొటనవేలు పెడితే టూర్ అప్రూవల్ అయినట్టేనా?

కొత్త_అడ్మిన్: హైదరాబాద్‌లో పంపుల సర్వీసు సంస్థ మాది. ఇంజనీర్లు వాట్సాప్ గ్రూపులో "రేపు వైజాగ్ సైటుకి వెళ్ళాలి, ఇద్దరం, టికెట్లు చూడండి" అని పెడతారు. మేనేజర్ గారు బొటనవేలు గుర్తు పెడతారు. బిల్లులు వచ్చాక గొడవ. ఆ మెసేజ్‌ని పద్ధతి ప్రకారం అప్రూవల్ రిక్వెస్టుగా ఎలా మార్చాలి?

సైటు_మనిషి: పంపు ఆగిపోయి కస్టమర్ అరుస్తుంటే ఫారం నింపుతూ కూర్చోవాలా? గ్రూపులో ఓకే అన్నాక మళ్ళీ ఈ కాగితాలెందుకు?

జమాఖర్చు: అడ్మిన్ గారూ, ఫారం మీరే నింపండి. ఇంజనీరుకి ఫోన్ చేసి, మెసేజ్‌లో లేనివి అడగండి. ఏం పాడైంది, ఫోనులో ఎందుకు తేలలేదు, ఇద్దరెందుకు, ఖర్చు ఎవరిది? "సైట్ విజిట్" అని రాస్తే మేనేజర్ దేనికి ఒప్పుకున్నారో తర్వాత ఎవరికీ తెలియదు. నేనైతే ఇలా రాస్తాను:

"విశాఖ సైటులో రెండో నంబరు పంపు మోటారు ఓవర్‌లోడ్‌తో పదేపదే ట్రిప్ అవుతోంది. ఫోనులో చెప్పినవి చేసినా ఆగలేదు. అలైన్‌మెంట్‌కి ఒకరు, ప్యానెల్‌కి ఒకరు కావాలి. మంగళవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్, బుధవారం ఉదయం విశాఖ. బుధ, గురు పని. శుక్రవారం ట్రయల్ రన్ చూపించి సాయంత్రం బండికి తిరుగు ప్రయాణం. వారంటీ అయిపోయింది, ఖర్చు కస్టమర్‌కి బిల్లు చేయాలి."

దాని కింద అంచనా. ఉదాహరణకి రైలు రానూపోనూ ఇద్దరికీ 5,600, ఒకే గది రెండు రాత్రులు 5,000, ఆటోలూ క్యాబులూ 2,000, డీఏ ఇద్దరికి మూడు రోజులు రోజుకి 600 చొప్పున 3,600. మొత్తం 16,200. పైన పది శాతం కలిపి 17,820 అడగండి. రైలు రేటు బుక్ చేసేముందు చూసి వేయాలి, తత్కాల్ అయితే ఎక్కువవుతుంది.

బెజవాడ_బాబాయ్: హోటల్‌వాడికి కంపెనీ జీఎస్టీ నంబరు ఇస్తే పన్ను వెనక్కి వస్తుంది. అంచనాలో అది తీసేసి వేయండి.

జమాఖర్చు: బాబాయ్ గారూ, విమాన టికెట్ సంగతైతే మీరన్నది చాలావరకు సరే. హోటల్ దగ్గర అలా కాదు. విశాఖ హోటల్ వేసేది ఆంధ్రప్రదేశ్ పన్ను. తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీకి ఆ క్రెడిట్ రాదు. అందుకే గది అద్దె పన్నుతో కలిపే వేయాలి. బిల్లు మాత్రం కంపెనీ పేరు మీదే తీసుకోండి.

ఊరికే_చూస్తున్నా: మా ఆఫీసులో డీఏ ఏళ్ళ తరబడి పెంచలేదు. ముందు దాని గురించి మాట్లాడండి.

సైటు_మనిషి: మీ ఫారాలు చూశాను. ఓసారి గ్రూపులో బొటనవేలు వచ్చాక నా డబ్బుతో తత్కాల్ తీశాను. కస్టమర్ వాయిదా వేశాడు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేస్తే పైసా రాదు. అడిగితే మా పైవాడు "చూశానన్నాను, వెళ్ళమనలేదు" అన్నాడు. నా జీతం నుంచి పోయింది. ఇప్పుడు ఫారం కూడా మమ్మల్ని ఇరికించడానికే.

టీమ్_లీడ్: నేను అటువైపు మనిషిని, కోపంగానే చెబుతున్నాను. గ్రూపులో అన్నిటికీ బొటనవేలు పెడతాం, చూశామని దాని అర్థం. మెసేజ్‌లో డబ్బు మాటే లేదు. ఎంతకి ఒప్పుకున్నానంటారు?

సైటు_మనిషి: అయితే "వెళ్ళు" అని ఎందుకు రాయరు? పని జరగాలి, పేరు మాత్రం మీది పడకూడదు. అంతేగా?

జమాఖర్చు: అసలు తగాదా ఇదే, ఫారం గురించి కాదు. బొటనవేలుని లెక్కలోకి తీసుకోకండి. మేనేజర్ "17,820 వరకు సమ్మతం, కస్టమర్ ఖాతా" అని రాయాలి. కస్టమర్ వాయిదా వేస్తే రద్దు ఖర్చు కంపెనీదే అని కూడా అందులోనే ఉండాలి. అది రానిదే ఇంజనీరు సొంత డబ్బుతో టికెట్ తీయకూడదు.

టీమ్_లీడ్: సరే, రాస్తాను. కానీ అక్కడికి వెళ్ళి ఇంకో రోజు ఉంటానంటే?

జమాఖర్చు: ఖర్చు పెట్టకముందే సవరణ పంపాలి. "బేరింగ్ కూడా పోయింది, రేపు వస్తుంది, శనివారం బయలుదేరతాం, అదనంగా గదికి 2,500, డీఏ 1,200, మొత్తం 3,700." పైన పెట్టిన పది శాతం అంటే 1,620 దీనికి సరిపోదు కదా.

సైటు_మనిషి: రాత్రి పదకొండుకి పంపితే ఎవరు చూస్తారు? పని వదిలేసి రమ్మంటారా?

టీమ్_లీడ్: నేను నిద్రలో ఉంటే నా పేరు మీద ఖర్చు ఎలా పడుతుంది?

జమాఖర్చు: నా దృష్టిలో ఒక రోజు వరకు ముందే అనుమతి ఉండాలి. మీ ఇద్దరూ ఒప్పుకోరని తెలుసు.

కొత్త_అడ్మిన్: ఫారం రేపటి నుంచి నేనే నింపుతాను. రాత్రిపూట సమ్మతి ఎవరివ్వాలో మా ఎండీ గారిని రాతలో అడుగుతాను.

సైటు_మనిషి: ఆ పేరు రాతలో వచ్చేదాకా నా జేబులోంచి రూపాయి తీయను.