చేతిలో ఒకటి

పుత్తూరు టీచర్: నిన్న మూడో తరగతిలో 27, 15 కూడమన్నాను. ఒక పాప "ఏడూ అయిదూ పన్నెండు, రెండేసి చేతిలో ఒకటి" అంది. వాళ్ల అవ్వ నేర్పిందట. మిగతా పిల్లలు "క్యారీ వన్" అంటారు. ఈ 'చేతిలో' ఎక్కడిది? వేళ్ల మీద లెక్కపెట్టడం నుంచి వచ్చిందా? మీ వైపు ఏమంటారు?

చిత్తూరు మండీ మనవడు: మా తాత బెల్లం మండీలో గుమాస్తా. ఆయనదంతా రూపాయి, అణా, పై లెక్క. పన్నెండు పైలు నిండితే ఒక అణా, పదహారు అణాలు నిండితే రూపాయి. పైల వరస కూడాక "మూడణాలు చేతిలో" అని పక్క వరసకి పోయేవాడు. మాకు ఎప్పుడూ ఒకటే కాదు మేడమ్.

తిరుపతి కుర్రోడు: చేతిలో ఒకటంటే ఫోనే కదా. గది నిండా ఉండే కంప్యూటర్ చేతిలోకి వచ్చేసింది. మంచి టాపిక్!

రిటైర్డ్ ఇంజనీరు, తిరుపతి: అడిగింది అది కాదు తమ్ముడూ. కానీ ఆ పాప చేతిలోని ఒకటి నీ ఫోన్లోనూ ఉంది. యంత్రాలతో లెక్క చేయించబోయిన వాళ్లకి చిక్కంతా దాంతోనే. ఫ్రాన్సు గణితవేత్త పాస్కల్ 1642లో పన్నుల లెక్కలతో సతమతమవుతున్న తండ్రి కోసం యంత్రం మొదలుపెట్టాడు. చక్రం మీద 0 నుంచి 9 దాకా అంకెలు. 9 దాటితే పక్క చక్రం ఒక మెట్టు కదలాలి. పళ్లతో నేరుగా నెట్టిస్తే సరిపోతుంది అనిపిస్తుంది. 99999కి ఒకటి కలిపి చూడండి. మొదటి చక్రం ఒక్కటే మిగతా అన్నిటినీ ఒకేసారి నెట్టాలి, బిగుసుకుపోతుంది. అందుకని ఆయన ఒక్కో చక్రానికి ఒక బరువు పెట్టాడు. చక్రం తిరిగేకొద్దీ అది కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. 9 నుంచి 0కి రాగానే కింద పడి, ఆ విసురుతో పక్క చక్రాన్ని ఒక మెట్టు తోస్తుంది. అంటే రాబోయే ఒకటిని ముందునుంచే ఎత్తి పట్టుకుని ఉంటుందన్నమాట. మీ తాత లెక్క కూడా అందులో ఉంది మనవడా. ఫ్రాన్సు నాణేల కోసం చేసిన యంత్రాల్లో చివరి చక్రానికి 12 మెట్లు, దాని పక్కదానికి 20.

నగరి డిగ్రీ విద్యార్థి: సార్, అది పాత యంత్రాల సంగతి. కరెంటు కంప్యూటర్లకి 0, 1 తప్ప తెలియవు. పదులే లేనప్పుడు చేతిలో ఏముంటుంది?

రిటైర్డ్ ఇంజనీరు: సగం నిజం. ఒకటీ ఒకటీ కలిపినా 0 వేసి చేతిలో ఒకటే కదా! పైగా 1945లో పూర్తయిన ఎనియాక్ అనే కరెంటు కంప్యూటర్ పదులతోనే లెక్క చేసింది. సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు, దాదాపు 30 టన్నులు. అందులో ఏ స్థానమైనా 9 దాటితే ఆ సంగతిని ఒక చిన్న సర్క్యూట్ గుర్తుపెట్టుకుంటుంది. అంకెలు కూడడం అయ్యాకే ఆ ఒకట్లు పక్క స్థానాల్లోకి వెళ్తాయి. పాప చేసింది కూడా అదే, ముందు రెండు వేసింది, తర్వాత చేతిలోది కలిపింది.

నగరి డిగ్రీ విద్యార్థి: మరి ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్లలో?

రిటైర్డ్ ఇంజనీరు: 1977 నాటి ఆపిల్ 2లో 6502 అనే చిప్పు. ఒక గడిలో 255 వరకే పడుతుంది. 200కి 100 కలపండి:

```
CLC
LDA #200
ADC #100
```

గడిలో 44 మిగులుతుంది, చేతిలోది దాచుకునే క్యారీ బిట్ 1 అవుతుంది. ఆ ఒకటి విలువ 256, దానికి 44 కలిపితే 300. పెద్ద సంఖ్యకి రెండో గడి కూడేటప్పుడు ఆ బిట్‌ని అలాగే ఉంచాలి, లెక్క మొదట్లో మాత్రం `CLC`తో చెయ్యి ఖాళీ చేయాలి. కుర్రతనంలో నేను అది మరిచిపోయి రెండు రాత్రులు టెన్షన్ పడ్డాను. 20, 30 కలిపితే ఒకసారి 50, ఇంకోసారి 51. తప్పు వచ్చినప్పుడల్లా సరిగ్గా ఒకటే ఎక్కువ. అది గమనించాకే తెలిసింది, పాత లెక్కలోని ఒకటి చేతిలోనే ఉండిపోయిందని.

చిత్తూరు మండీ మనవడు: మా తాతా అంతే! మధ్యలో ఎవరైనా పలకరిస్తే "చేతిలో ఎంతరా?" అని మొదటికొచ్చేవాడు.

నగరి డిగ్రీ విద్యార్థి: అయితే క్యారీ బిట్‌ని తెలుగులో 'చేతిబిట్' అందామా? 😀

రిటైర్డ్ ఇంజనీరు: నాకు నచ్చలేదు. 'చేతిలెక్క'తో కలిసిపోతుంది.

పుత్తూరు టీచర్: ఇవాళ ఆ పాపని అడిగాను, చేతిలో ఎక్కడ పెట్టుకుంటావని. గుప్పిట మూసి చూపించింది. కాబట్టి వేళ్ల లెక్క కాదేమో.

చిత్తూరు మండీ మనవడు: మా తాత మాత్రం వేలు మడిచేవాడు మేడమ్. మూడణాలకి మూడు వేళ్లు.