వేళ్లు పిడి మీద జారుతున్నాయి: టాలరెన్స్ ఎక్కడ బిగించాలి?

హరిత: యూనిటీలో జెనరిక్ రిగ్. రైఫిల్ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకునే క్లిప్. తుపాకీ కుడిచేతికి తగిలించి ఉంది, ఎడమచెయ్యి ముందు పిడి మీద. Keyframe Reduction పెట్టగానే ఎడమచేతి వేళ్లు పిడి మీద అటూ ఇటూ పాకుతున్నాయి. Off చేస్తే బాగుంటోంది, కానీ మొబైల్ గేమ్ కదా, సైజు భరించలేం. Rotation Error డిఫాల్ట్ 0.5 లోనే ఉంది. వేళ్ల ఎముకలకు మాత్రమే టాలరెన్స్ తగ్గించే దారి ఉందా?

బాషా: ఇంపోర్ట్ సెట్టింగ్ ఫైల్ మొత్తానికి ఒకటేనండి, ఎముకకో విలువ ఇవ్వనివ్వదు. Off లో ఇంపోర్ట్ చేసిన క్లిప్ నుంచి వేళ్ల కర్వ్‌లు తీసి, తగ్గించిన క్లిప్‌లో ఎడిటర్ స్క్రిప్ట్‌తో పెట్టేయండి. జారేది వేళ్లే కాబట్టి అక్కడ కీఫ్రేమ్‌లు అన్నీ ఉంటే చాలు.

వెన్నెల: బాషా గారూ, స్క్రిప్ట్ దారి మంచిదే, కానీ కర్వ్‌లు తేవాల్సింది వేళ్లవి కాదు, భుజానివి. 0.5 అంటే ఒక్కో జాయింట్ తన పేరెంట్‌తో పోలిస్తే అర డిగ్రీ దాకా తప్పొచ్చని. ఆ అర డిగ్రీ ఎంత దూరం అవుతుందన్నది, ఆ జాయింట్ నుంచి వేలికొస దాకా ఎంత పొడవుందన్న దాన్ని బట్టి ఉంటుంది. భుజం నుంచి కొస దాకా 70 సెం.మీ. అనుకుంటే 6 మి.మీ. మోచేతి నుంచి 45 సెం.మీ., దాదాపు 4 మి.మీ. మణికట్టు నుంచి 18 సెం.మీ., ఒకటిన్నర. వేలి మొదటి కణుపు దగ్గర 1 మి.మీ. కూడా రాదు. అన్నీ ఒకే వైపు తప్పితే కొస 12 మి.మీ. పక్కకు పోతుంది, అందులో వేళ్ల వాటా ఒక మిల్లీమీటరు.

అసలు గొడవ ఇంకొకటి. ఊపిరికి భుజం కొద్దిగా లేస్తుంది, మోచెయ్యి అంతే కొద్దిగా ముడుచుకుంటుంది; ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటేనే చెయ్యి పిడి మీద కదలకుండా ఉంటుంది. భుజం కదలిక అర డిగ్రీ లోపే ఉంటే రిడక్షన్ దాన్ని సరళరేఖ చేసేస్తుంది. మోచేతిది కొంచెం ఎక్కువైతే ఉంచేస్తుంది. ఇక సరిదిద్దడానికి ఏమీ లేక చెయ్యి జారుతుంది. ఏ జాయింట్‌కు ఆ జాయింట్‌గా చూస్తే రెండూ హద్దులోనే ఉన్నాయి.

కిరణ్: నాది బల్లి తోక, ఇరవై ఎముకల గొలుసు. Off పెట్టినా కొస ఊగుతోంది. కాబట్టి రిడక్షన్‌ది కాదేమో, వెయిట్ పెయింటింగ్ చూసుకోండి హరితా.

వెన్నెల: కిరణ్, మీరు బ్లెండర్ నుంచి FBX తీస్తున్నారా? ఎక్స్‌పోర్ట్‌లో Bake Animation కింద Simplify అని ఉంటుంది, డిఫాల్ట్ 1.0. యూనిటీ దాకా రాకముందే అక్కడ కీఫ్రేమ్‌లు పోతాయి. 0 పెట్టి మళ్లీ తీసి చూడండి. వెయిట్ తప్పయితే ఆ పోజులో ఎప్పుడూ అదే తప్పు కనబడుతుంది. రిడక్షన్‌ది అయితే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, రెండు కీఫ్రేమ్‌ల మధ్య ఎక్కువ.

శ్రీను: లెక్క ఒప్పుకుంటా, హద్దు బిగించడమే మందంటే ఒప్పుకోను. హద్దు 0.1 చేస్తే 12 మి.మీ. కాస్తా రెండున్నర అవుతుంది, నిజమే. కానీ ఫైల్ మొత్తానికి 0.1 అంటే జుట్టుకీ, బెల్టుకీ కూడా కీఫ్రేమ్‌లు పోగేస్తున్నాం. తుపాకీకి చైల్డ్‌గా ఒక టార్గెట్ పెట్టి, Two Bone IK Constraint తో ఎడమచేతిని దానికి కట్టేయండి. రిడక్షన్ ఎంత చేసినా చెయ్యి అక్కడే ఉంటుంది.

వెన్నెల: పట్టు వరకు సరే శ్రీను గారూ. తెర మీద యాభై మంది సైనికులుంటే అందరికీ ప్రతి ఫ్రేమ్‌లో ఆ ఖర్చు ఎందుకు? తప్పును సరైన చోట కొలవకపోవడం వల్ల వచ్చిన సమస్య ఇది. అన్‌రియల్‌లో ACL అనే యానిమేషన్ కంప్రెషన్ లైబ్రరీది అసలు కీఫ్రేమ్‌లు తీసేసే పద్ధతే కాదు. ఎముక నుంచి డిఫాల్ట్‌గా 3 సెం.మీ. దూరంలో బిందువులు ఊహించుకుని, పేరెంట్‌ల తప్పులన్నీ కలిశాక ఆ బిందువు మొత్తం శరీరంతో పోలిస్తే ఎంత జరిగిందో చూస్తుంది. డిఫాల్ట్ హద్దు 0.01 సెం.మీ. భుజానికి ఎక్కువ బిట్లు, వేలికొసకు తక్కువ అన్నది దానంతటదే తేలుతుంది. యూనిటీలో అది లేదు కాబట్టి భుజం, మోచెయ్యి, మణికట్టు కర్వ్‌లు రెండు చేతులవీ 0.1 తో తీసిన క్లిప్ నుంచి తేవాలి, మిగతాది 0.5 లో ఉంచాలి. తుపాకీ కుడిచేతిది కదా, అది తప్పినా పట్టు జారుతుంది.

```csharp
importer.animationRotationError = 0.1f;
```

బాషా: మరి వెన్నెముక? గొలుసు అక్కడి నుంచే కదా మొదలు.

వెన్నెల: వెన్ను తప్పితే రెండు చేతులూ, తుపాకీ కలిసే జరుగుతాయి, పట్టు జారదు. అదే చెయ్యి బల్ల మీద ఆనించిన క్లిప్ అయితే నడుము నుంచి అన్నీ బిగించాల్సిందే.

హరిత: రెండు చేతుల పై జాయింట్‌లు మార్చాను, పాకడం పోయింది. వేళ్లు 0.5 లోనే ఉన్నాయి, తేడా తెలియట్లేదు. కానీ రీలోడ్ క్లిప్‌లో ఎడమచెయ్యి మ్యాగజైన్ తీసి మళ్లీ పిడి మీదకు వచ్చేటప్పుడు ఆనే క్షణంలో చిన్న జారుడు ఇంకా ఉంది.

శ్రీను: అక్కడ నా మాట వినండి. ఆనిన ఫ్రేమ్ నుంచి IK వెయిట్ 0 నుంచి 1 కి ఎక్కించండి.

వెన్నెల: ముందు ఆ క్లిప్ ఒక్కదాన్ని 0.05 తో తీసి చూడండి హరితా. అప్పటికీ జారితే శ్రీను గారి దారే.