రక్తం ఎక్కిస్తుండగా చలి, జ్వరం: రిపోర్టులో ఏ టైం రాయాలి?

వార్డులో స్టాఫ్ నర్సుని. నిన్న ఒక పేషెంటుకి 10:10కి ప్యాక్డ్ సెల్స్ మొదలుపెట్టాం. అప్పటికి టెంపరేచర్ 98.4, పల్స్ 84, బీపీ 120/80. పదిహేను నిమిషాల చెకప్‌లోనూ తేడా లేదు. 10:35కి "చలేస్తోందమ్మా" అని వణకడం మొదలైంది. 10:38కి చూస్తే 101.2, పల్స్ 112, బీపీ 116/76. వెంటనే రక్తం ఆపి, సెట్ మార్చి సెలైన్ పెట్టాను. బ్యాగ్ నంబరు, పేషెంటు పేరు మళ్లీ సరిచూశాం, సరిపోయాయి. బ్యాగు, సెట్టు, కొత్త శాంపిల్స్ బ్లడ్ బ్యాంకుకి పంపాం.

డాక్టరుగారు వచ్చింది 10:55కి. ఆయన కేస్ షీట్‌లో "రక్తం ఆపండి" అని అదే టైం వేశారు. రెండూ ఒకటిగా ఉండాలని, నా 10:38ని మార్చమని సీనియర్ సిస్టర్ అంటున్నారు. అలా మారిస్తే రియాక్షన్ మొదలయ్యాక ఇరవై నిమిషాలు రక్తం ఎక్కినట్టు అవుతుంది కదా! రియాక్షన్ ఫారంలో నేను ఆపిన టైం, ఆయన ఆర్డరు టైం విడివిడిగా రాయవచ్చా? మీ దగ్గర ఎలా రాస్తారు?