ఒక సున్నా ఎక్కువ పడింది: అదనంగా వెళ్లిన డబ్బును మేస్త్రి ఉంచుకోవచ్చా?

కృష్ణాతీరం (విజయవాడ):
గేటుకు రంగు వేసిన మేస్త్రికి యూపీఐలో 6,500 పంపాలి. 65,000 కొట్టాను. నంబరు ఆయనదే, పొరపాటు మొత్తంలోనే. అదనంగా వెళ్లిన 58,500 తిరిగి ఇవ్వమంటే "చూద్దాం సార్" అంటున్నారు. ఈ రోజు ఫోను ఎత్తడం లేదు. బ్యాంకు ఆ డబ్బును వెనక్కి తీసుకోగలదా?

నల్గొండ మాస్టారు:
తప్పకుండా తీసుకోగలదు. డబ్బు ఎవరి ఖాతాలో ఉందో బ్యాంకుకు తెలుసు కదా. శాఖకు వెళ్లి మేనేజరు ముందు కూర్చోండి, రాతపూర్వకంగా అడగండి. వదలకండి.

పాత క్యాషియర్:
మాస్టారు గారూ, దయచేసి ఆయనకు లేని ఆశ పెట్టకండి. పిన్ కొట్టి పంపిన డబ్బు అవతలి ఖాతాలో జమ అయ్యాక, ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా ఏ బ్యాంకూ తనంతట తాను దాన్ని తీయదు. బ్యాంకు తన పొరపాటు వల్ల రెండుసార్లు జమ చేస్తే సరిదిద్దుకుంటుంది. ఇక్కడ పొరపాటు బ్యాంకుది కాదు.

అయినా ఫిర్యాదు ఈ రోజే ఇవ్వాలి. యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు కనిపిస్తుంది. దాన్ని రాసి, పంపాల్సింది ఎంత, వెళ్లింది ఎంత, ఏ పనికి అన్నది స్పష్టంగా చెప్పండి. మీ బ్యాంకు ఆయన బ్యాంకుకు రాస్తుంది, ఆ బ్యాంకు ఆయనను అడుగుతుంది. "సరే" అంటే డబ్బు వస్తుంది, "ఇవ్వను" అంటే బ్యాంకు పని అక్కడితో ముగుస్తుంది. ముప్పై రోజులైనా మీ బ్యాంకు జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. కానీ ఆయన చూసేది బ్యాంకు సేవలో లోపాన్నే. మేస్త్రి చేత డబ్బు కట్టించరు.

తిరుపతి గృహిణి:
జాగ్రత్త అండి! మొన్న మా చెల్లెలికి "పొరపాటున పదివేలు పంపాను, తిరిగి పంపండి" అని ఫోను వచ్చింది. చూస్తే ఖాతాలో ఏమీ జమ కాలేదు, వచ్చిన సందేశం దొంగది. 1930కి ఫోను చేయండి.

పాత క్యాషియర్:
అమ్మా, 1930 సైబర్ మోసాలకు. ఇక్కడ మోసం జరగలేదు, తెలిసిన మనిషికి తెలిసే పంపారు. అయితే మీరు చెప్పినది మేస్త్రి వైపు నుంచి ఆలోచించదగ్గదే. అలాంటి మోసాల గురించి విన్నవారు తిరిగి పంపడానికి భయపడతారు. అందుకే "నేను పంపిన ఖాతాకే పంపండి, వేరే నంబరుకు వద్దు" అని ఆయనకు చెప్పాలి.

నల్గొండ మాస్టారు:
అంటే పరాయి సొమ్ము హాయిగా దాచుకోవచ్చన్నమాట! పోలీసు స్టేషనులో ఒక్క ఫిర్యాదు ఇస్తే ఆయనే పరుగెత్తుకుంటూ వస్తాడు. బ్యాంకులు ఎప్పుడూ పెద్దవాళ్ల పక్షమే. మా అన్నయ్య పింఛను ఖాతా విషయంలో ఎన్నిసార్లు తిప్పారో నాకు తెలుసు.

మేస్త్రి కొడుకు:
మాస్టారు గారూ, మాట జాగ్రత్తగా వాడండి. ఒకరు సున్నా ఎక్కువ కొడితే అవతలి మనిషి దొంగ అయిపోతాడా? మా నాన్న జీవితమంతా ఇళ్లకు రంగులు వేశారు. పని పూర్తయ్యాక "ఇక్కడ చెమ్మ, అక్కడ మరక" అని చివరి బాకీ ఎగ్గొట్టినవారి పేర్లు ఇంట్లో ఒక నోటు పుస్తకంలో ఉన్నాయి. కృష్ణాతీరం గారూ, సూటిగా అడుగుతున్నాను. ఆ మేస్త్రికి మీరు పాత బాకీ ఏమైనా ఉన్నారా?

కృష్ణాతీరం:
నేను బాకీ అనుకోవడం లేదు. పోయిన ఏడాది హాలులో లప్పం పెట్టారు, వర్షాలకు ఊడిపోయింది. చివరి 30,000 ఆపాను. ఆ పని మళ్లీ చేస్తే ఇస్తానన్నాను. ఇప్పుడు ఫోను ఎత్తకపోయినా "పాత లెక్క చూసుకుందాం" అని వాట్సాప్‌లో రాశారు.

మేస్త్రి కొడుకు:
ఇదీ అసలు సంగతి. ముందే చెప్పాల్సింది.

నల్గొండ మాస్టారు:
అయినా అది వేరు, ఇది వేరు!

హనుమకొండ వకీలు:
ఇద్దరూ కాస్త ఆగండి. పొరపాటున చేరిన డబ్బును అందుకున్నవారు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతుంది. పంపినవారి అజాగ్రత్త వల్ల ఆ హక్కు పోదు. కాబట్టి 58,500 మీద కృష్ణాతీరం గారి హక్కు బలమైనదే. పొరపాటు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి.

పాత బాకీకి జమ వేసుకున్నానని మేస్త్రి అంటారు. అదే చట్టంలో 59, 60 సెక్షన్లు ఉన్నాయి. ఏ బాకీకో చెప్పకుండా, సందర్భాన్ని బట్టి కూడా తెలియకుండా డబ్బు ఇస్తే, అందుకున్నవారు తమకు రావాల్సిన ఏ బాకీకైనా జమ వేసుకోవచ్చు. చెప్పి ఇస్తే మాత్రం దానికే. అందుకే అడుగుతున్నాను. పంపేటప్పుడు రిమార్కులో ఏమైనా రాశారా?

కృష్ణాతీరం:
"గేటు రంగు" అని రాశాను. ముందు రోజు ఆయన పంపిన 6,500 బిల్లు కూడా వాట్సాప్‌లో ఉంది.

హనుమకొండ వకీలు:
ఆ రెండూ మీకు చాలా విలువైనవి. ఫోను మార్చకండి, ఆ సంభాషణ చెరపకండి. కోర్టులో స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, దానికి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన ధ్రువపత్రం జతచేయాలి.

పోలీసుల దగ్గరకు వెళ్లమన్న మాస్టారి సలహా మాత్రం ఇక్కడ బలహీనం. పరాయి సొమ్ము కాజేయడం గురించిన భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్‌కు దురుద్దేశం రుజువు కావాలి. "నాకు రావాల్సింది ఉంది" అని నిజంగా నమ్ముతున్న మనిషి మీద అది నిలవడం కష్టం. స్టేషనులో "సివిల్ తగాదా" అనే అవకాశమే ఎక్కువ.

మేస్త్రి కొడుకు:
మరి మేస్త్రికి రావాల్సిన 30,000 సంగతి?

హనుమకొండ వకీలు:
అది తేలని లెక్క. పని చెడిందా లేదా అన్నది సాక్ష్యంతో తేలాలి. ఆయన తనంతట తాను తీర్పు రాసుకుని అట్టేపెట్టుకోలేరు. కృష్ణాతీరం గారు కూడా "అసలు బాకీయే లేదు" అని తనంతట తాను తేల్చేయలేరు.

ఇప్పుడు ఇలా చేయండి. మేస్త్రి మాటే నిజమనుకున్నా 58,500లో 30,000 పోను 28,500 ఆయనది కానే కాదు. ఆ మొత్తానికి ఆయన దగ్గర ఏ సాకూ లేదు. ముందు దాన్ని అడగండి, ఫోనులో కాదు, రాతలో. "ఇది తీసుకున్నంత మాత్రాన మిగతా 30,000 మీద నా హక్కు వదులుకోవడం లేదు" అని ఒక వాక్యం చేర్చండి. "అదనంగా వచ్చింది" అని ఆయన జవాబు రాస్తే చాలు, మీకు పెద్ద ఆధారం దొరికినట్టే. వారంలో రాకపోతే రసీదుతో కూడిన స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి. ఆ తర్వాత దావా కంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ రాజీ పడితే అక్కడి లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. లప్పం గొడవ కూడా అక్కడే తెగిపోవచ్చు. ఆయన రానంటే మాత్రం దావాయే దారి.

పాత క్యాషియర్:
నోటీసుకు బ్యాంకు ఫిర్యాదు నకలు జతచేయండి. పొరపాటు తెలిశాక మీరు ఆలస్యం చేయకుండా కదిలారని దానివల్ల తెలుస్తుంది.

నల్గొండ మాస్టారు:
నేను ఇంకా ఒప్పుకోను. సొంత డబ్బు కోసం బతిమాలే నోటీసు ఎందుకు?

మేస్త్రి కొడుకు:
మా నాన్న కూడా సొంత డబ్బు కోసమే బతిమాలారు మాస్టారు గారూ. కృష్ణాతీరం గారూ, ఆ 28,500 ఆయన ఇచ్చి తీరాలి, అక్కడ నేను మీ పక్షమే. మిగతా 30,000 మీద మాత్రం నా మాట మారదు.

కృష్ణాతీరం:
బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది. 28,500 గురించి వకీలు గారు చెప్పిన వాక్యం చేర్చి ఇప్పుడే పంపాను. ఆయన చూసినట్టు గుర్తు పడింది, జవాబు ఇంకా రాలేదు. లప్పం ఊడిన గోడ ఫోటోలు వర్షాకాలంలో తీసినవి ఉన్నాయి, అవి పనికివస్తాయా?

హనుమకొండ వకీలు:
వస్తాయి. తీసిన తేదీ కనిపించే అసలు ఫైళ్లే ఉంచండి, వాట్సాప్‌లో పంపుకున్న నకళ్లు కాదు.