అప్‌డేట్: గురువారం రేటు, మంగళవారం డబ్బు
నా ప్రశ్న: ఎక్స్‌పోర్ట్ డాలర్లు గురువారం అమ్మి రేటు ఖాయం చేసుకుంటే బ్యాంకు రూపాయలు మంగళవారం వేస్తానంటోంది, ఎందుకు?

అప్‌డేట్: ఫారెక్స్ డెస్క్‌లో పనిచేసే ఆయన విడమరిచి చెప్పారు. మాకిచ్చింది స్పాట్ రేటు. ధర అప్పుడే ఖాయమవుతుంది, ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం రెండు పనిదినాల తర్వాతే, ఎందుకంటే డీల్ వివరాలు రెండువైపులా సరిచూసుకుని రూపాయలు ఇక్కడ, డాలర్లు న్యూయార్క్‌లో చేతులు మారాలి, ఆ రోజు రెండుచోట్లా బ్యాంకులు తెరిచి ఉండాలి. శుక్రవారం ఒక రోజు, శని ఆదివారాలు లెక్కలోకి రావు, సోమవారం అమెరికాలో లేబర్ డే సెలవు, అందుకే వాల్యూ డేట్ మంగళవారం.

అదే రోజు కావాలంటే క్యాష్ రేటు అడగాలండీ. మన దగ్గర వడ్డీ అమెరికా కంటే ఎక్కువ కాబట్టి స్పాట్ రేటులోంచి కొన్ని పైసలు తగ్గిస్తారు, అది ఛార్జీ కాదు, ఆ రోజుల వడ్డీ తేడా.