రైతు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌ని బగ్ రిపోర్ట్‌గా ఎట్టా రాస్తున్నారు?

కావలి సపోర్ట్: రొయ్యల గుంటల లెక్కలు రాసుకునే యాప్‌కి సపోర్ట్ చూస్తున్నా. విడవలూరు వైపు రైతొకాయన ఇలా పెట్టాడు: "నిన్న మేత రెండుసార్లు ఎక్కింది, ఇయ్యాల్టిది లేదు. యాప్ పాడైంది." మావాళ్లు దాన్ని "డూప్లికేట్ ఎంట్రీ" అని రాసి పంపితే, డెవలపర్లు మా దగ్గర రావట్లేదని మూసేశారు. అన్నిటికీ ఒకే నమూనా కావాలి.

ఒంగోలు నుంచి: యాప్‌లోనే ఫారం పెట్టండి. అన్ని గడులూ తప్పనిసరి చేయండి.

నెల్లూరు టెస్టర్: గడులు మంచివే. తప్పనిసరి చేస్తే మాత్రం చుక్క పెట్టి పంపేస్తారు. రైతు తన మాటల్లో చెప్పనీండి, గడులు మనం నింపుదాం. ఇక్కడ "డూప్లికేట్" అన్నది ఆయన చూసింది కాదు, మీవాళ్లు ఊహించింది. ఆ రెండు ఎంట్రీలూ ఏ టైముకి కొట్టాడు, ఎన్ని కిలోలు?

కావలి సపోర్ట్: అడిగాను. నిన్నటిది పొద్దున ఆరింటికి, 40 కిలోలు. ఇయ్యాల్టిది ఐదింటికి, 42.

నెల్లూరు టెస్టర్: కిలోలు వేరు కాబట్టి డూప్లికేట్ కాదు, తేదీ తప్పు. ఇలా రాయండి:

శీర్షిక: తెల్లవారుజామున కొట్టిన మేత ముందురోజు తేదీకి పడుతోంది
ఎలా చేయాలి: 1. పొద్దున 5కి యాప్‌లో గుంట పేజీ తెరవాలి. 2. మేత 42 కిలోలు కొట్టి సేవ్ చేయాలి. 3. రోజువారీ లెక్క చూడాలి.
రావాల్సింది: 42 కిలోలు ఈరోజు కింద
వచ్చింది: నిన్నటి కింద 40, 42 రెండూ, ఈరోజు ఖాళీ
మళ్లీ వచ్చిందా: ఇంకా చేసి చూడలేదు
ఫోన్, యాప్ వెర్షన్: తెలియదు
రైతు మాట: ఆయన మెసేజ్ ఉన్నదున్నట్టు

తెలియనిది తెలియదనే రాయండి. సర్వర్ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైము ప్రకారం తేదీ వేస్తోందని నా అనుమానం. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి 5:30 లోపు కొట్టినవి నిన్నటికి పోతాయి. ఆ అనుమానాన్ని అడుగున విడిగా రాయండి, "వచ్చింది"లో కలపొద్దు.

చీమకుర్తి యార్డు: మా బిల్లింగ్‌లోనూ తేదీ తేడా వస్తోంది. ఫోన్ టైము మార్చుకుంటే పోదా?

నెల్లూరు టెస్టర్: మీది వేరే కారణం కావచ్చు, విడిగా రాయండి. ఫోన్ టైము సంగతి మాత్రం ఇక్కడా పనికొస్తుంది. మధ్యాహ్నం పూట గడియారం ఐదుకి తిప్పి పరీక్షిస్తే, తేదీ వేసేది సర్వరైతే బగ్ కనపడదు. డెవలపర్లు అలా చూసే మూసేశారేమో. స్టెప్స్‌లో "గడియారం మార్చకుండా" అని చేర్చండి.

కావలి సపోర్ట్: ఈ పొద్దున చేసి చూశా. 5:10కి కొట్టింది నిన్నటికి పడింది, 5:40కి కొట్టింది సరిగ్గా పడింది. టికెట్ మళ్లీ తెరిచారు.

ఒంగోలు నుంచి: గుంట దగ్గర సిగ్నల్ లేక రాత్రి కొట్టింది మర్నాడు ఎక్కితే? అప్పుడు "రావాల్సింది" ఏ తేదీ?

నెల్లూరు టెస్టర్: రైతుకైతే మేత వేసిన రోజే. కానీ యాప్ అలా పనిచేయాలని ఎక్కడైనా రాసుందా? లేకపోతే ఆ గడి మనం నింపకూడదు, యాప్ చేయించినవాళ్లని అడగాలి.

కావలి సపోర్ట్: ఎక్కడా రాసిలేదు. అడిగాను, ఇంకా జవాబు రాలేదు.