ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లలు ఫోటోలో ఐదు జాతుల్లా ఉన్నాయి, ఇది నిజంగా జరుగుతుందా?

రవి_డాలస్
అందరికీ నమస్తే. ఇక్కడ మాకు తెలిసినవాళ్ళింట్లో కార్డిగన్ కోర్గీ ఈనింది. తల్లి బ్రిండిల్, అంటే ఒళ్ళంతా పులిచారలు, తండ్రి బ్లూ మెర్ల్, అంటే బూడిద రంగు మీద నల్ల మచ్చలు. ఐదు పిల్లలు. ఒకటి నారింజ గోధుమ రంగు, వీపు మీద మాత్రం నల్లగా మసి పూసినట్టు. ఇంకోటి అమ్మలాగే చారలు. మూడోది నలుపు, కళ్ళ మీద, బుగ్గల మీద గోధుమ చుక్కలు. నాలుగోది బూడిద రంగులో నల్ల మచ్చలు, ఒక కన్ను నీలం. ఐదోది లేత గోధుమ, అక్కడక్కడ కొంచెం వెలిసిపోయినట్టు ఉంది. ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే మా బావ అయితే ఇవి ఒక తల్లి పిల్లలే కావు, ఐదు చోట్ల నుంచి తెచ్చి ఒక బుట్టలో కూర్చోబెట్టారు, డబ్బులు ఇవ్వకు అంటున్నాడు. మా ఆవిడకేమో ఆ ఐదోది తెగ నచ్చేసింది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

శ్రీను_గుంటూరు
అన్నా అందులో వింతేం లేదు, కుక్కలకి ఒకే ఈతలో ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండొచ్చు. మా వీధి కుక్కకి ప్రతిసారీ అంతే, నాలుగు పుడితే నాలుగు రంగులు. మీవాళ్ళ తల్లి కూడా ఎప్పుడో గోడ దూకి ఉంటుంది.

పద్మ_కోలీస్
శ్రీను తమ్ముడు చెప్పింది జరిగే విషయమే, వేర్వేరు రోజుల్లో వేర్వేరు మగకుక్కలు దాటితే పిల్లలకి తండ్రులు వేరవుతారు. కానీ రవి గారి ఫోటోకి ఇంకో తండ్రి అవసరమే లేదు, ఈ ఇద్దరికే ఆ ఐదూ పుడతాయి. మా నాన్నగారి కాలం నుంచి ఇంట్లో కోలీలు ఉన్నాయి కాబట్టి ఈ రంగుల లెక్క నాకు బాగా అలవాటు.

కుక్క వెంట్రుకలో ఉండే రంగులు రెండే రెండు. ఒకటి నలుపు, ఇంకోటి ఎరుపు, అది లేత మీగడ రంగు నుంచి ముదురు ఇటుక రంగు దాకా ఎలా అయినా ఉండొచ్చు. మనం చూసే ఈ డిజైన్లన్నీ ఆ రెండూ ఎక్కడెక్కడ పడ్డాయి అన్నదే. మీ ఈతలో మూడు విషయాలు విడివిడిగా తేలాలి. మొదటిది, పిల్ల ఒళ్ళంతా ఎరుపు వచ్చి వెంట్రుక కొసల్లో మాత్రం నలుపు ఉంటుందా, అదే సేబుల్, లేక ఒళ్ళంతా నలుపు వచ్చి కళ్ళ మీద, బుగ్గల మీద, కాళ్ళ మీద మాత్రం ఎరుపు ఉంటుందా. రెండోది, ఎరుపు ఉన్నచోట నల్లచారలు పడతాయా లేదా, పడితే బ్రిండిల్. మూడోది, నలుపు ఉన్నచోట అది ముక్కలుముక్కలుగా వెలిసి బూడిద అవుతుందా లేదా, అయితే మెర్ల్.

ప్రతి జీన్‌కీ రెండు కాపీలు ఉంటాయి, పిల్లకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. పిల్లల్లో సగానికి చారలు లేవంటే తల్లి దగ్గర చారల కాపీ ఒక్కటే ఉంది. అలాగే ఆవిడ దగ్గర సేబుల్‌ది ఒకటి, నల్ల ఒళ్ళు ఇచ్చేది ఒకటి ఉన్నాయి. తండ్రి బ్లూ మెర్ల్ కాబట్టి ఆయన దగ్గర నల్ల ఒళ్ళువే రెండూ, మెర్ల్ ఒకటి. ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పంచుకుంటాయి, రెండు ఇంటూ రెండు ఇంటూ రెండు, మొత్తం ఎనిమిది రకాల పిల్లలు సమానంగా వచ్చే అవకాశం ఉంది. ఎనిమిదిలోంచి ఐదు పిల్లలు ఐదు వేరే రకాలుగా రావడం అంటే ఇంచుమించు ఐదు ఈతల్లో ఒకసారి జరిగేదే. మీ బావగారికి ఈ లెక్క చెప్పండి.

రవి_డాలస్
అక్కా థాంక్యూ, ఇప్పుడు కొంచెం అర్థమైంది. మరి ఆ నల్లదానికి చారలు లేవుగా, అది అమ్మ దగ్గర నుంచి ఏం తీసుకున్నట్టు?

పద్మ_కోలీస్
ఫోటోని బాగా జూమ్ చేసి ఆ గోధుమ బుగ్గ, కాళ్ళ లోపలివైపు చూడండి. ఒళ్ళు నల్లగా ఉంటే చారలు పడటానికి చోటే ఉండదు, ఎరుపు ఉన్న ఆ కాస్త చోటే కనిపిస్తాయి.

రవి_డాలస్
చూశా అక్కా!! బుగ్గ మీద సన్నగా పెన్సిల్ గీతల్లా రెండు మూడు ఉన్నాయి, కాళ్ళ మీద ఇంకా బాగా కనిపిస్తున్నాయి. ఇన్నిసార్లు చూసినా అది మురికేమో అనుకున్నాం ఇంట్లో అందరం.

పద్మ_కోలీస్
అదే. పక్కన ఉన్న చారల పిల్లకీ దానికీ చారలు అమ్మ నుంచే వచ్చాయి, ఒకదానికి ఒళ్ళంతా చోటు దొరికింది, ఇంకోదానికి బుగ్గలే దొరికాయి. ఫోటోలో చూస్తే మాత్రం ఒకటి పులిపిల్లలా, ఇంకోటి చిన్న రాట్‌వీలర్‌లా ఉంటాయి.

కిరణ్_ల్యాబ్
మా బ్లాక్ ల్యాబ్‌కి ఛాతీ మీద రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ ఉంది, అంటే అది కూడా మెర్ల్ కలిసిందా? అమ్మినవాడు ప్యూర్ అన్నాడు.

పద్మ_కోలీస్
కాదు కిరణ్, అది వేరే. ఛాతీ మీద చిన్న తెల్ల మచ్చ మంచి లైన్ల ల్యాబ్‌లలో కూడా వస్తుంది, షోలలో కూడా ఒప్పుకుంటారు. మెర్ల్ అంటే తెలుపు కాదు, నలుపు వెలిసి బూడిద అవడం.

సతీష్_అడాప్షన్స్
పద్మ గారు లోపలి సంగతి చెప్పారు, నేను కెమెరా సంగతి చెప్తాను, హైదరాబాద్‌లో అడాప్షన్ పోస్టులకి ఫోటోలు తీసేది నేనే. కుక్క ఏ జాతి అని మన కళ్ళు తేల్చేది ముఖం ఆకారం, చెవులు, కాళ్ళ పొడవు చూసి. రంగు వాటినే దాచేస్తుంది. నల్ల పిల్లని ఎండలో గడ్డి మీద పెట్టి తీస్తే ఫోన్ గడ్డి వెలుతురుకి సరిచేసుకుంటుంది, కుక్క ముఖంలో ఎత్తుపల్లాలు అన్నీ ఒకే నల్ల ముద్ద అయిపోతాయి, మూతి పొట్టిగా కనిపిస్తుంది. మెర్ల్‌లో అయితే చెవి సగం నలుపు సగం బూడిద ఉంటే చెవి ఎక్కడ అయిపోయిందో తెలీదు, దానికి తోడు నీలం కన్ను, ముక్కు మీద గులాబీ మచ్చ. సేబుల్‌కి కొసల్లో నలుపు ఉంటుంది కదా, గాలికి వెంట్రుకలు లేస్తే ఒక రంగు, పడుకుంటే ఒక రంగు, ఒకే పిల్ల రెండు ఫోటోల్లో రెండు పిల్లల్లా వస్తుంది.

బ్రిండిల్ బాధ నాది. నీడలో తీస్తే నల్లకుక్క, ఫ్లాష్ పడితే చారలు. మన వీధి కుక్కల్లో ఈ చారలు మామూలే, కానీ ఫోటో చూసి జనం పిట్‌బుల్ క్రాస్ అనుకుంటారు, ఫోన్లు రావు. పక్కనే అదే తల్లికి పుట్టిన గోధుమ రంగు పిల్ల ముందే వెళ్ళిపోతుంది. నాకైతే చాలా కోపం వస్తుంది.

రవి గారూ, ఒక పని చేయండి. ఐదింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఒకే చోట, నీడ పట్టున, పక్కవైపు నుంచి, ఫోన్ వాటి భుజం ఎత్తులో పెట్టి, స్క్రీన్ మీద కుక్క ఒంటి మీదే నొక్కి వెలుతురు సెట్ చేసి తీయండి. తర్వాత రంగు వదిలేసి గీత మాత్రమే చూడండి, ఆ పొట్టి కాళ్ళు, పొడవు నడుము, పెద్ద చెవులు ఐదింటికీ ఒకటే అని మీ బావగారే ఒప్పుకుంటారు.

మానస_బెంగళూరు
మెర్ల్ ఉంటే అది క్రాస్ అనే నేను విన్నాను, ఇక్కడ మెర్ల్ ఫ్రెంచ్ బుల్‌డాగ్ రేర్ కలర్ అని చెప్పి డబుల్ రేట్ అడుగుతున్నారు, అలాంటివి కొనకండి.

పద్మ_కోలీస్
మానసా, ఫ్రెంచీ విషయంలో నువ్వన్నది కరెక్టే, ఆ జాతిలో మెర్ల్ లేదు, ఎక్కడో వేరే జాతి కలిస్తేనే వచ్చింది, అమెరికా షో రూల్స్‌లో దాన్ని పక్కన పెట్టేస్తారు. పగ్, ల్యాబ్ కూడా అంతే. కానీ కార్డిగన్, కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, గ్రేట్ డేన్, డాష్‌హండ్, వీటిలో అది మొదటి నుంచీ ఉన్నదే. జాతి పేరు చెప్పకుండా మెర్ల్ అంటే క్రాస్ అని అనలేం.

ఇప్పుడు రవి గారి ఐదో పిల్ల. అందరికంటే నాకు దాని మీదే దృష్టి. అది చాలావరకు సేబుల్ మెర్ల్. మెర్ల్ పనిచేసేది నలుపు మీదే, ఎరుపుని తాకదు. సేబుల్‌లో నలుపు కొసల్లో కొంచెమే కాబట్టి పసితనంలో ఇలా వెలిసిన మచ్చల్లా కనిపిస్తుంది, పెద్దయ్యాక ఆ నల్ల కొసలు తగ్గిపోతే మామూలు సేబుల్ కుక్కే అనుకుంటారు. ఏడాది తర్వాత తీసిన ఫోటోలో ఎంత తెలిసినవాళ్ళైనా పట్టుకోవడం కష్టం. తెలియక దాన్ని ఇంకో మెర్ల్‌తో కలిపితే పిల్లల్లో నాలుగింట ఒకటి రెండు కాపీలతో పుడుతుంది.

హరి_వైజాగ్
అది ఎలా ఉంటుందో నేను చెప్తా. మా ఇంట్లో ఉన్న గ్రేట్ డేన్ అలా పుట్టిందే. దాదాపు మొత్తం తెలుపు, పుట్టు చెవుడు, ఒక కన్ను చిన్నగా ఉండి చూపు లేదు. నేల మీద కాలితో తడితే ఆ అదురుకి తిరిగి చూస్తుంది, చేతి సైగలతో అన్నీ నేర్చుకుంది, చాలా మంచి పిల్ల. అమ్మినవాళ్ళు తెల్ల డేన్ ప్రత్యేకం అన్నారు. తల్లీతండ్రీ ఇద్దరూ మచ్చలవే అని ఫోటోలో చూసి కూడా మాకు అప్పుడు అందులో ఏముందో తెలీదు.

రవి_డాలస్
హరి గారు, చదివి మనసు పాడైంది. అక్కా, మరి ఐదోది తీసుకోవద్దంటారా?

పద్మ_కోలీస్
హాయిగా తీసుకోండి. ఒక్క కాపీ ఉన్నవి చాలావరకు బాగానే వింటాయి, బాగానే చూస్తాయి. వినికిడికి బేర్ టెస్ట్ అని ఉంటుంది, అది చేయించారా అని అడగండి. బుగ్గ లోపల స్వాబ్ తిప్పి పంపితే మెర్ల్ టెస్ట్ కూడా అవుతుంది, రిపోర్ట్‌లో `M/m` అని, అంటే మెర్ల్ కాపీ ఒక్కటే అని వస్తే నేనన్నట్టే. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించండి, అంతటితో సరి. ఈ మెర్ల్ జీన్ మార్పుని 2006లో కనిపెట్టింది మీ టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ వాళ్ళే. ఆ జీన్‌లో ఒక అదనపు ముక్క దూరింది, పిల్ల కడుపులో పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో ఆ అదనపు ముక్క చివరి భాగం కురచ అయిపోతుంది, అలాంటి చోట నలుపు తిరిగి వస్తుంది. అందుకే ఏ రెండు మెర్ల్ పిల్లలకీ మచ్చలు ఒకేలా ఉండవు.

శ్రీను_గుంటూరు
అక్కా అంతా బాగుంది కానీ రెండో తండ్రి లేడని మాత్రం రంగు చూసి చెప్పలేం కదా?

పద్మ_కోలీస్
చెప్పలేం, అది నిజం. తల్లికి మెర్ల్ లేదు కాబట్టి ఆ రెండు మెర్ల్ పిల్లలకీ తండ్రి మెర్ల్ అయ్యుండాలి, అంతవరకే. మిగతా మూడింటికి పేరెంటేజ్ డీఎన్ఏ టెస్ట్ ఒక్కటే దారి.

శ్రీను_గుంటూరు
సరే, మరి మా వీధి దాని సంగతి చెప్పు. తల్లి మీగడ రంగు, పిల్లల్లో రెండిటికి చారలు. చారలున్న మగకుక్క మా ఏరియాలో నేనెప్పుడూ చూడలేదు.

పద్మ_కోలీస్
గోధుమ రంగు తల్లి అయితే చారలు దాచుకోలేదు, ఉంటే కనిపించి తీరాలి. కానీ మీగడ రంగులో ఒక రకం ఉంది, ఒంట్లో నల్ల వెంట్రుక అనేదే రానివ్వదు, అలాంటి తల్లి దగ్గర చారలు ఉన్నా బయటకి రావు. వీపు మీద, తోక కొసన వెంట్రుకలు విడదీసి చూడు. ఒక్కటైనా నల్లది ఉంటే చారలు తండ్రివే, అసలు లేకపోతే తల్లివి కూడా అయ్యుండొచ్చు.

శ్రీను_గుంటూరు
పిల్లల దగ్గర చేయి పెట్టనివ్వదు అక్కా అది. బిస్కెట్ పెట్టి తోక వరకు చూసి ఫోటో పెడతా, సతీష్ అన్న చెప్పినట్టు నీడలో.